పాశురానికి ముందు పది నిమిషాలు, తర్వాత ఐదు

ధనుర్మాసం మొదలై వారం తిరిగేసరికి తిరుప్పావై గోష్ఠుల్లో, భజన మండళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది. ‘గొంతు పట్టేసిందమ్మా!’ కారణం అడిగితే మంచు అంటారు, గుడి ముందు చలిగాలి అంటారు, నిన్న తిన్న పెరుగన్నం అంటారు. చలి కొంత కారణమే. కానీ ఎక్కువ మంది గొంతు పాడయ్యేది చలి వల్ల కాదు. నాలుగున్నరకు లేచి, స్నానం చేసి, ఎవరితో ఒక్క మాటైనా మాట్లాడకుండా గుడికి వచ్చి, కూర్చున్న మరుక్షణం తారస్థాయిలో గొంతెత్తడం వల్ల.

నెల రోజుల పాటు రోజుకో పాశురం చొప్పున ముప్ఫై పాశురాలు, వాటితో పాటు కీర్తనలు, నామావళి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఇంటి పని చూసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు కలిసి పాడతారు. కచేరీ గాయకులకు ఏళ్ల సాధన అండగా ఉంటుంది. వీళ్లలో చాలామందికి ఏడాదిలో గొంతు విప్పి పాడేది ఈ నెలే. అందుకే సంగీతం నేర్పే మనిషిగా, ముఖ్యంగా వీళ్ల కోసమే ఈ పద్ధతి రాస్తున్నాను. చర్చి క్వయర్‌లో డిసెంబరంతా పాడేవాళ్లకూ, సంకీర్తన బృందాల వాళ్లకూ ఇది అక్షరాలా వర్తిస్తుంది.

గొంతులో ఏం జరుగుతుంది?

మన స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. పాడేటప్పుడు అవి దగ్గరికొచ్చి ఒకదానికొకటి తగులుతూ, విడిపోతూ ఉంటాయి. ఆడవాళ్లు ఐదున్నర శ్రుతిలో మధ్య షడ్జం పాడితే అవి సెకనుకు దాదాపు 208 సార్లు తగులుకుంటాయి. అదే శ్రుతిలో తార షడ్జం పట్టుకుంటే దాదాపు 415 సార్లు. ముప్పావుగంట పాడితే ఈ తాకిడి లక్షల్లో ఉంటుంది. భజనలో గంటసేపు చప్పట్లు కొడితే అరచేతులు ఎర్రబడి ఎలా ఉబ్బుతాయో స్వరతంత్రుల అంచులూ అలాగే ఉబ్బుతాయి. తేడా ఒక్కటే. అరచేయి మంట పుడుతుంది కాబట్టి మనకు తెలుస్తుంది. స్వరతంత్రులు ఉబ్బితే మొదట నొప్పే ఉండదు. గొంతు బొంగురుపోతుంది, పైస్వరాలు జారిపోతాయి, అంతే.

తెల్లవారుజామున ఇంకో చిక్కు ఉంది. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల స్వరతంత్రులు కాస్త నీరు పట్టి బరువుగా ఉంటాయి, వాటి మీద కఫం పేరుకుంటుంది. నిద్ర లేవగానే ఫోనెత్తితే మన గొంతు అవతలివాళ్లకు మొద్దుగా వినిపించేది అందుకే. అలాంటి గొంతుతో పైస్థాయి అందుకోవాలంటే ఊపిరితో గట్టిగా నెట్టాలి. నెట్టిన కొద్దీ తాకిడి పెరుగుతుంది, తాకిడి పెరిగిన కొద్దీ వాపు పెరుగుతుంది. సంగీత సంప్రదాయంలో తెల్లవారుజామున మంద్రస్థాయి సాధన చేయించడం ఊరికే రాలేదు. పొద్దున్నే గొంతుకు తేలిగ్గా అందేది ఆ స్థాయే.

పది నిమిషాల సన్నాహం

ఇది గుడికొచ్చాక చేసేది కాదు, ఇంట్లోనే చేయాలి. స్నానానికి ముందో తర్వాతో, వంటింట్లో నిలబడైనా చేయొచ్చు. కావలసినవి ఒక గ్లాసు నీళ్లు, జ్యూస్ తాగే మామూలు స్ట్రా, శ్రుతికి ఫోన్‌లో తంబురా యాప్.

మొదటి నిమిషం ఒంటికి. భుజాలు చెవుల దాకా లేపి ఒక్కసారిగా వదిలేయండి. రెండు అరచేతులతో చెంపల మీద నుంచి దవడ కిందికి నెమ్మదిగా నిమరండి, నోరు దానంతటదే కొంచెం తెరుచుకోవాలి. తర్వాత ముక్కుతో ఊపిరి తీసుకుని ‘స్‌స్‌స్’ అంటూ సన్నగా, ఒకే తీరున వదలండి. మూడు నాలుగు సార్లు చాలు. ఛాతీ పైకి లేవకుండా నడుము చుట్టూ ఉబ్బుతుంటే ఊపిరి సరిగ్గా తీసుకుంటున్నట్టు.

తర్వాతి మూడు నిమిషాలు స్ట్రాకు. ఈ పద్ధతిలో అసలు బలం ఇక్కడే ఉంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొసను వేలి కణుపంత లోతు మాత్రమే ముంచండి. పెదాలను స్ట్రా చుట్టూ బిగించి, ‘ఊ’ అంటూ మాట్లాడే స్థాయికి దగ్గరగా ఉన్న ఒక స్వరం పట్టుకోండి. నీళ్లలో బుడగలు వస్తాయి. అవి ఆగకుండా ఒకే లయలో రావాలి. బుడగలు ఒక్కసారి ఎగజిమ్మి ఆగిపోతుంటే ఊపిరి తోసేస్తున్నారని అర్థం. బుడగలు వస్తూ ధ్వని రాకపోతే గాలి ఊదుతున్నారు తప్ప పాడటం లేదు. ఒకసారి ముక్కు మూసి చూడండి, ధ్వని మారకూడదు. మారితే గాలి ముక్కులోంచి పోతున్నట్టు.

స్ట్రాలో ఏముంది అంటారా? నోటి దారి సన్నబడినప్పుడు గాలి కొంత వెనక్కి ఒత్తుతుంది. ఆ ఎదురు ఒత్తిడి స్వరతంత్రులను పూర్తిగా ఢీకొననివ్వకుండా కాస్త ఎడంగా పట్టుకుంటుంది. కంపనం జరుగుతుంది, దెబ్బ మాత్రం తేలికగా పడుతుంది. గొంతు వైద్యులు, వాక్ చికిత్సకులు దెబ్బతిన్న గొంతులకు కూడా ఇదే అభ్యాసం చేయిస్తారు. నిలకడ స్వరం కుదిరాక, స్ట్రా తీయకుండానే కింది నుంచి మధ్యస్థాయి దాకా జారుడుగా వెళ్లి, అలాగే కిందికి దిగండి. మెట్లు మెట్లుగా వద్దు, జారుబండ మీద జారినట్టు ఒకే గీతగా. అలా ఏడెనిమిది సార్లు.

ఆ తర్వాత రెండు నిమిషాలు పెదాలతో. చిన్నపిల్లలు బండి నడిపినట్టు ‘బుర్‌ర్‌ర్’ అంటారు కదా, అదే. పెదాలు కలిపి వదులుగా ఉంచి, ఆ బుర్రుమనే ధ్వనితో షడ్జం నుంచి పంచమం దాకా, తిరిగి షడ్జానికి. చూపుడువేళ్లతో పెదాల చివర్లను కొద్దిగా పైకి ఎత్తి పట్టుకుంటే సులువుగా వస్తుంది. పెదాలు మధ్యలో ఆగిపోతున్నాయంటే అవి బిగుసుకుని ఉన్నాయి, లేదా ఊపిరి చాలడం లేదు. రెండూ ఆ తర్వాత పాటలో ఇబ్బంది పెట్టేవే, ఇక్కడే సరిచేసుకోండి.

మిగిలిన నాలుగు నిమిషాలు నోరు విప్పడానికి. నేరుగా అకారం అందుకోవద్దు. ముందు నోరు మూసి కూనిరాగం. ముక్కు దూలం దగ్గర, పెదాల మీద సన్నని గిలిగింత తెలియాలి. ఆ గిలిగింత పోనివ్వకుండా ‘మ్‌మ్‌మా’ అని మెల్లగా తెరవండి. ఇప్పుడు చిన్నప్పుడు నేర్చుకున్న మొదటి సరళీ వరసను ఒకటో కాలంలో, గొంతు సగం మాత్రమే పెట్టి పాడండి. మాయామాళవగౌళ రాకపోయినా పర్వాలేదు, ఆ రోజు పాడబోయే కీర్తన పల్లవి చాలు. తార షడ్జాన్ని చివర్లో, అదీ తాకి వదిలేయండి, పట్టుకుని నిలబడొద్దు.

అచ్చుతో మొదలయ్యే చరణాలు ఉంటే వాటిని ఒకసారి విడిగా చూసుకోండి. ‘ఆ’, ‘ఏ’, ‘ఓ’ లతో మొదలుపెట్టేటప్పుడు గొంతులో టక్కుమన్న దెబ్బ వినిపిస్తుంది చాలామందికి. రెండు స్వరతంత్రులు గట్టిగా మూసుకుని ఒక్కసారిగా తెరుచుకోవడమే ఆ టక్కు. దాన్ని పోగొట్టడం తేలిక. అచ్చుకు ముందు బయటికి వినపడనంత సన్నటి ‘హ’ పెట్టండి, ఊపిరి ముందు కదిలి స్వరం దాని వెనుక వస్తుంది.

మెల్లగా పాడి చూసే పరీక్ష

పది నిమిషాలయ్యాక, గుడికి బయల్దేరే ముందు ఒక పరీక్ష చేయండి. విదేశాల్లో కొందరు గొంతు వైద్యులు గాయకులకు నేర్పే పరీక్షకు ఇది మన పాటకు తగ్గ రూపం. పైస్వరాలను ‘ఊ’ తో, పక్క గదిలో పడుకున్న పాప నిద్ర లేవనంత మెల్లగా పాడండి. పంచమం, ధైవతం, నిషాదం, తార షడ్జం, ఇంకా పైకి అందినంత దాకా. స్వరం వెంటనే పలుకుతుందా, లేక ముందు గాలి శబ్దం వచ్చి క్షణం ఆగి పలుకుతుందా గమనించండి. గాలి ముందొచ్చి స్వరం వెనకొచ్చిందంటే, ఆ స్వరం దగ్గర స్వరతంత్రుల అంచులు సరిగ్గా కలవడం లేదు, అంటే వాటికి వాపు ఉండొచ్చు. గట్టిగా పాడితే ఇది బయటపడదు, ఊపిరి బలంతో ఆ లోటు కప్పుకుపోతుంది. అందుకే మెల్లగా పాడాలి.

ఆ రోజు ఏ స్వరం దాకా శుభ్రంగా పలికిందో క్యాలెండర్ మీద రాసుకోండి. నిన్న తార గాంధారం, ఇవాళ తార షడ్జం అయితే రెండు స్వరాలు పోయినట్టు. ఒక రోజు అలా ఉంటే ఆ రోజు సగమే పాడండి. రెండో రోజు కూడా తిరిగి రాకపోతే ఆ రోజు పెదాలు కదిలించి, తాళం వేసి ఊరుకోండి. గోష్ఠిలో కూర్చుని వినడం కూడా సేవే.

ఈ పరీక్ష శ్రుతి ఎంపికకూ ఉపయోగపడుతుంది. భజన బృందాల్లో గొంతులు పోవడానికి మరో పెద్ద కారణం శ్రుతి అనే నా నమ్మకం. హార్మోనియం వాయించేవారు తమకు అలవాటైన మెట్టు మీద మొదలుపెడతారు, లేదా అందరికంటే గట్టి గొంతున్న ఒక్కరికి తగ్గట్టు పెడతారు. మిగతా ఇరవై మంది లాక్కుంటూ పోతారు. ఆ రోజు పాడే పాటల్లో అన్నిటికన్నా పైకి వెళ్లే స్వరం ఏదో చూసి, దాన్ని బృందంలో సగం మంది మెల్లగా పలికించగలిగే దాకా శ్రుతి దింపండి. ఐదున్నర నుంచి నాలుగున్నరకు దిగితే రెండు మెట్ల తేడా. వినేవాళ్లకు పెద్ద తేడా తెలియదు, గొంతులకు బాగా తెలుస్తుంది. సాయంత్రం పాడే శ్రుతి కంటే తెల్లవారుజామున ఒక మెట్టు తగ్గించడం ఎప్పుడూ మంచిదే.

గుడిలో ఉన్నంతసేపు

ఇక్కడ ఎక్కువ చెప్పను, నాలుగు సంగతులు చాలు. ఒకటి, చుట్టూ శబ్దం ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం, ఇది మనిషి సహజ లక్షణం. స్పీకర్ ముందు, డోలు పక్కన కూర్చుంటే మన స్వరం మనకు వినపడక అరుస్తాం. చోటు మారండి, లేదా ఒక చెవి వెనక అరచేయి దోనెలా పెట్టుకోండి, మీ గొంతు మీకు వినిపిస్తుంది. రెండు, సాంబ్రాణి ధూపానికి, కర్పూర హారతి పొగకు ఎదురుగా కూర్చోవద్దు. పొగ నేరుగా స్వరతంత్రులకు తగులుతుంది.

మూడోది చాలామంది గమనించనిది. ముప్పావుగంట జాగ్రత్తగా పాడి చివర్లో ‘గోవిందా గోవింద!’ అని గొంతు చించుకుంటారు. ఆ ఒక్క నిమిషం పాటంతటి కంటే ఎక్కువ దెబ్బ కొట్టొచ్చు. నామఘోష మానమని కాదు నేనంటున్నది. దాన్ని కూడా శ్రుతిలో, నిండు ఊపిరి తీసుకుని, దీర్ఘంగా పాడండి. శ్రుతిలో కలిసి పలికిన నామం అరిచిన నామం కంటే దూరం వెళుతుంది.

నాలుగోది, మధ్యలో గొంతులో ఏదో అడ్డుపడితే ‘ఖ్ఖ్’ అని ఖాకరించొద్దు. ఖాకరించినప్పుడు స్వరతంత్రులు గట్టిగా ఒరుసుకుంటాయి, ఒరుసుకుంటే ఇంకా కఫం ఊరుతుంది, మళ్లీ ఖాకరించాలనిపిస్తుంది. ఒక గుక్క గోరువెచ్చని నీళ్లు తాగి మింగండి. ఒక మాట, తాగిన నీళ్లు స్వరతంత్రులను తాకవు. అన్నం, నీళ్లు దిగేది ఆహారనాళంలోకి, స్వరపేటిక పక్క దారి. కాబట్టి పాటకు ముందు గ్లాసులకు గ్లాసులు తాగితే గొంతు తడవదు. ముందు రోజంతా తాగిన నీళ్లే ఇప్పుడు పనిచేస్తాయి. మిరియాల కషాయం, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం గొంతు పైభాగానికి హాయిగా ఉంటాయి, వాపు మీద మాత్రం పనిచేయవు. పులితేన్పులు ఉన్నవాళ్లకు పరగడుపున ఘాటు కషాయం మంటను పెంచుతుంది కూడా.

పాట అయ్యాక ఐదు నిమిషాలు

పాడటం అయిపోగానే ఏం జరుగుతుందో మీకు తెలుసు. అందరూ లేస్తారు, ప్రసాదం పంచుతారు, ‘వదినగారూ, మీ పిల్ల ఎప్పుడొస్తోంది?’ అని డోలు చప్పుడు మీదుగా మాట్లాడతారు. ఇప్పటిదాకా తారస్థాయిలో తిరిగిన గొంతు ఆ ఎత్తులోనే మాట్లాడుతుంది. స్వరతంత్రులు బిగుసుకున్న చోటే ఉండిపోతాయి. రోజంతా ఆ పైగొంతుతోనే పని చేసుకుంటూ పోతే సాయంత్రానికి బొంగురు ఖాయం.

కూల్‌డౌన్ పని ఒక్కటే, గొంతును మాట్లాడే స్థాయికి దింపడం. వచ్చిన వాపును అది వెంటనే తీసేయదు, దానికి కావలసింది విశ్రాంతి. కానీ పైస్థాయి బిగువును విప్పేస్తుంది. గుడి మెట్ల దగ్గర, లేదా ఇంటికి నడిచే దారిలో చేయొచ్చు. పెదాలతో ‘బుర్‌ర్‌ర్’ అంటూ మధ్యస్థాయి నుంచి మంద్రం దాకా జారండి. ఈసారి పైకి ఎక్కే జారుడు వద్దు, దిగేదే. ఆరేడు సార్లయ్యాక నోరు మూసి కూనిరాగం, అదీ కిందికే. చివరగా ‘మ్‌మ్, అవును’ అని మామూలుగా ఒప్పుకున్నట్టు అనండి. ఆ ‘మ్‌మ్’ ఏ ఎత్తులో వచ్చిందో అదే మీ మాట ఉండాల్సిన చోటు. ఇంటికెళ్లాక వీలైతే మరో రెండు నిమిషాలు స్ట్రా బుడగలు. తర్వాత పావుగంట మౌనం. గుసగుసలు వద్దు. గొంతు బిగించి గుసగుసలాడటం చాలామందికి మామూలు మాట కంటే ఎక్కువ శ్రమ.

ఒక టీచర్‌గారి గొంతు

మా గోష్ఠిలో యాభై దాటిన ఒక టీచర్‌గారు ఉన్నారు. ఐదింటికి గుడి, తొమ్మిదికి బడి. ధనుర్మాసం ఆరో రోజు నుంచి మధ్యాహ్నం మూడో పీరియడ్‌కల్లా గొంతు బొంగురు. తొమ్మిదో రోజు నా దగ్గరికొచ్చి, ‘పైకి పోవట్లేదమ్మా, గట్టిగా నెడితే వస్తోంది’ అన్నారు. ఆ రెండో ముక్కే నన్ను భయపెట్టింది. మెల్లగా ‘ఊ’ అనిపించాను. పంచమం బాగుంది. ధైవతం దగ్గర గాలి ముందొచ్చింది. తార షడ్జం అసలు పలకలేదు, గట్టిగా అంటే మాత్రం ఖంగుమంది.

రెండు రోజులు గుడిలో పాడొద్దన్నాను, తాళం వేయమన్నాను. బడిలో మెడకు తగిలించుకునే చిన్న మైక్ పెట్టుకోమన్నాను, ఎందుకంటే ఆమె గొంతుకు గుడిలో ముప్పావుగంట కంటే బడిలో ఐదు పీరియడ్లే పెద్ద బరువు. రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే అలవాటు ఉంది, తిండిని ఏడింటికి జరిపారు. తిని వెంటనే పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని స్వరపేటిక వెనక భాగాన్ని కాలుస్తుంది, పొద్దున గొంతు గరగర కొందరికి అక్కడి నుంచే. ఉదయం స్ట్రా, పెదాలు, కూనిరాగం. సాయంత్రం బడి నుంచి వచ్చాక మళ్లీ ఐదు నిమిషాలు దిగుడు జారుళ్లు. గోష్ఠి శ్రుతిని ఐదున్నర నుంచి నాలుగున్నరకు దింపాం.

నాలుగో రోజు ధైవతం శుభ్రంగా పలికింది. వారానికి తార షడ్జం తిరిగొచ్చింది, కానీ మెల్లగా మాత్రమే. ఆమె వెంటనే పూర్తి గొంతుతో పాడబోతే ఆపాను. మెల్లగా పలికే స్వరాన్ని మూడు రోజులు మెల్లగానే పాడి, ఆ తర్వాత గొంతు పెంచారు. భోగి నాటికి అందరితో కలిసి పాడుతున్నారు.

ఈ పద్ధతితో ఆగని సంగతులు కొన్ని ఉన్నాయి. పాడుతుండగా ఒక్కసారిగా గొంతు పూర్తిగా పోతే, అక్కడికక్కడ ఆపేసి అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి, స్వరతంత్రిలో రక్తనాళం చిట్లి ఉండొచ్చు. రక్తం పలచబరిచే మందులు, ఆస్పిరిన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అలాగని మందు సొంతంగా మానేయకూడదు, డాక్టర్‌ను అడగాలి. ఉమ్మిలో రక్తం కనిపించినా, మింగడం కష్టమైనా ఆలస్యం వద్దు. ఏ కారణం లేకుండా బొంగురు రెండు మూడు వారాలు దాటినా, ముఖ్యంగా పొగతాగే అలవాటు ఉన్నవాళ్లకు, గొంతు చూపించుకోవాలి. ముక్కులోంచో నోట్లోంచో సన్నని కెమెరా పంపి స్వరతంత్రులను చూస్తారు, సాధారణంగా కొన్ని నిమిషాల పని. నొప్పి తెలియకుండా చేసే లాజెంజ్ చప్పరించి, లేదా నొప్పిమాత్ర వేసుకుని, ఆ రోజు గోష్ఠి లాగించేయడం మాత్రం చేయకండి. ఆగమని గొంతు చెప్పే మాటను అవి మనకు వినపడనివ్వవు.